మూడు ముక్కల చీటీ

చల్లపల్లి దగ్గర ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో నేను నర్సుగా ఉన్న రోజులవి. ఆరు మంచాలు, ఒక డాక్టరుగారు, ఒక ఆయా, నేను. డెబ్భైల మొదట్లో మాట. నర్సు చదువు పూర్తయి రెండేళ్ళు కాలేదు. ఇంగ్లీషు ఉత్తరం గడగడా చదివి తెలుగులో చెప్పగలిగేది ఆ చుట్టుపక్కల నేనొక్కదాన్నేనని నాకు కాస్త పొగరుగా ఉండేది. కాస్త కాదులెండి, బాగానే ఉండేది.

మా దగ్గర కుదరని కేసుల్ని బెజవాడ పెద్దాసుపత్రికి పంపేవాళ్ళం. పంపేటప్పుడు డాక్టరుగారు అక్కడి డాక్టర్లకి ఇంగ్లీషులో ఉత్తరం రాసేవారు. దానితో పాటు రోగి తాలూకు మనిషికి తెలుగులో ఒక చీటీ ఇవ్వాలి. అది నా పని. ఆ చీటీ ఎలా పుట్టిందో చెప్పాలి. మా వైపు క్రైస్తవ కుటుంబాల్లో ఒక అలవాటుంది. పెద్దాసుపత్రికి వెళ్ళేముందు గుణదల కొండకి పోయి మేరీమాత పాదాల దగ్గర డాక్టరు ఉత్తరం పెట్టి దణ్ణం పెట్టుకుంటారు. చాలామంది తీసుకుని వస్తారు. కొందరు అక్కడే వదిలేసి వస్తారు, తల్లికి ఇచ్చింది వెనక్కి ఎలా తీసుకుంటామని. అలా ఒకసారి ఒక పెద్దమనిషి ఉత్తరం లేకుండా ఆసుపత్రికి చేరి, ఏమయింది నాయనా అని అడిగితే "ఏమోనండీ, మా డాక్టరుగారు పంపారండీ" అని నిలబడ్డాడట. ఆ సంగతి తెలిసి మా డాక్టరుగారు కోప్పడలేదు. "వాళ్ళ తల్లి దగ్గరికి ఉత్తరం పంపుకోనీ, మనం రెండోది పంపుదాం" అన్నారు.

రెండోదానికి ఒక పద్ధతి పెట్టారు. మూడు ముక్కలు. ఇంతకుముందు ఏం జరిగింది, మనం ఏం చూశాం, ఎందుకు పంపుతున్నాం. "ఈ మూడూ ఉండాలమ్మాయ్. తాలూకు మనిషికి అర్థమవ్వాలి, దాన్ని చూసి అక్కడి డాక్టరుకీ అర్థమవ్వాలి. నీ తెలివి ఉపయోగించి ఏదీ తగ్గించమాక" అనేవారు. సరేనండి అనేదాన్ని. మనసులో మాత్రం, ఈ పల్లెటూరి జనానికి ఇవన్నీ ఎందుకు, బస్సు నెంబరు చెప్తే చాలదా అనుకునేదాన్ని.

ఆ రోజు పొద్దున్నే ఒక పెద్దావిడ ఆరేళ్ళ మనవరాలిని భుజాన వేసుకుని వచ్చింది. పిల్ల తల్లి పది రోజుల బాలింత. తండ్రి సాగరు కాలవ పనులకి పోయాడు. ఈవిడ తల్లి తల్లి, కూతురి పురిటికని అవనిగడ్డ అవతల నుంచి వచ్చి ఉంది. నాలుగు రోజులుగా పిల్లకి జ్వరం, మింగలేకపోతోంది. గొంతు వాచిందని పసుపూ సున్నం పట్టించింది. తెల్లారేసరికి గొంతులోంచి గురకలాంటి చప్పుడు మొదలైంది.

డాక్టరుగారు నాలిక నొక్కి బ్యాటరీ లైటు వేశారు. నేను పక్కనుంచి చూశాను. రెండు వైపులా బూడిద రంగు పొర. అంచు మీద దూదిపుల్ల ఆనగానే రక్తం. మెడ రెండు పక్కలా ఉబ్బి ఉంది. ఊపిరి లాగినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. కంఠసర్పి, అదే డిఫ్తీరియా. పుస్తకంలో చదివానుగానీ చూడటం అదే మొదలు. ఒక అడుగు వెనక్కి వేశాను. నర్సునైతే మాత్రం మనిషిని కాదా?

"విరుగుడు సీరం మన దగ్గర లేదు. గొంతు మూసుకుపోతే శ్వాసనాళానికి రంధ్రం పెట్టాలి, అదీ ఇక్కడ కాదు. వెంటనే పంపాలి" అన్నారు డాక్టరుగారు. పెన్సిలిన్ సూది వేయించి, అద్దె కారు పిలిపించి, ఉత్తరానికి కూర్చున్నారు. పిల్ల పాత కార్డు కూడా తీయించుకున్నారు. ఆయనకి గుర్తుంది. రెండేళ్ళ కిందట ఆ పిల్ల కాలికి తుప్పు మేకు గుచ్చుకుంటే, ధనుర్వాతం రాకుండా సీరం సూది వేశారు. వేసిన కొద్ది నిమిషాలకే ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరందక, నాడి దొరకకుండా పోయింది. ఆయనే ఇంకో మందు పొడిచి బతికించారు. ఆ సంగతి అమ్మమ్మకి ఎవరూ చెప్పలేదట, దూరాన ఉన్న మనిషి కంగారు పడుతుందని.

పక్క గదిలో ఇంకొకావిడ నొప్పులు పడుతోంది. డాక్టరుగారు ఉత్తరం నా చేతిలో పెట్టి అటు పరుగెత్తారు. నేను పెద్దావిడని వరండాలో కూర్చోబెట్టి ఉత్తరం తెలుగు చేసి పైకి చదివాను. మొత్తం చదివాను, ఆ మాట నేను ఎక్కడైనా చెప్పగలను. కాలి మేకు, సీరం, దద్దుర్లు, అంతా. ఆవిడ "అమ్మో, మాకెవరూ చెప్పలేదే!" అని గుండెల మీద చెయ్యేసుకుంది.

తర్వాత చీటీ రాశాను. మందుల చీటీ వెనకవైపు. బయట కారువాడు హారను కొడుతున్నాడు. లోపల ఆయా "నర్సమ్మా, రా, రా" అని కేకలు. నాలుగు రోజుల జ్వరం, టీకాలు వెయ్యలేదు అని రాశాను. గొంతులో పొర, మెడ వాపు, నాడి వేగం, ఊపిరి కష్టం అని రాశాను. విరుగుడు సీరం కావాలి, గొంతుకి ఆపరేషను అవసరం పడొచ్చు అని రాశాను. కాలి మేకు దగ్గరికొచ్చేసరికి కలం ఆగింది. గొంతుకీ అరికాలికీ ఏం సంబంధం, రెండేళ్ళ నాటి పాత కథ అనుకున్నాను. కాయితం కూడా అయిపోవచ్చింది. వదిలేశాను.

"అంతా రాశావా తల్లీ?" అంది పెద్దావిడ.

"అంతా ఉంది మామ్మా, ఎక్కండి."

"అయితే ఆ పెద్దది మా తల్లి దగ్గర పెట్టి పోతా. దార్లోనే కదా."

దారి కాదు, చుట్టు తిరుగుడు. నేను వినీ విననట్టు "తొందరగా పొండి" అని పంపేశాను. కారు దుమ్ము లేపుకుంటూ పోయింది.

పక్క గదిలో బిడ్డ పుట్టేసరికి రెండు గంటలు పట్టింది. డాక్టరుగారు చేతులు కడుక్కుంటూ, మాటవరసకి అడిగినట్టే అడిగారు. "ఆ సీరం సంగతి చీటీలో రాశావుగా? కంఠసర్పికి ఇచ్చేదీ గుర్రం రక్తంలోంచి తీసిన సీరమే. కాలికి వేసిందీ గుర్రం సీరమే. తెలియకుండా పొడిస్తే పిల్ల అక్కడికక్కడే పోతుంది."

"రాశానండి" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. నోరు దానంతటదే అనేసింది. ఆయన సంతోషంగా తలూపి టీ తాగటానికి వెళ్ళారు. నేను పనిముట్లు తోమే గిన్నె ముందు నిలబడ్డాను. కత్తెర చేజారి నీళ్ళలో పడి టంగుమంది. గుర్రం సీరం అని నర్సు క్లాసులో నాకు చెప్పలేదా? చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. తెలిసిన ముక్క చేతికి రాలేదు. పెద్ద ఉత్తరంలో ఉందిలే అని సర్దిచెప్పుకోబోయాను. వెంటనే ఆవిడ మాట గుర్తొచ్చింది. పెద్దది తల్లి దగ్గర పెట్టి పోతానంది. మొదటి ఉత్తరం పోతుందనే కదా ఈ రెండో కాయితం పెట్టింది! ఆ రెండోదే బోలుగా పంపాను.

వెళ్ళి చెప్పటానికి భయం. చెప్పకపోవటానికి ఇంకా భయం. ఉద్యోగం పోతే ఇంట్లో ఏం చెప్పను అని కూడా ఆలోచించాను, సిగ్గులేకుండా, ఆ పిల్ల ఊపిరి లాక్కుంటున్న సమయంలో. చివరికి టీ గ్లాసు ఆయన పెదవుల దగ్గర ఉండగానే చెప్పేశాను.

"రాయలేదండి. అబద్ధం చెప్పాను."

ఆయన గ్లాసు కింద పెట్టారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అరిస్తే బాగుండేది. కాయితం తీసుకుని నాలుగు వాక్యాలు రాశారు. "నేను పోస్టాఫీసుకి పోయి ట్రంకు కాల్ బుక్ చేస్తాను, దొరికితే దొరుకుతుంది. నువ్వు వచ్చే బస్సెక్కు. పిల్ల ఒంట్లోకి సీరం పోకముందే ఇది డాక్టరు చేతిలో పడాలి."

ఆ బస్సు ప్రయాణం గురించి ఏం చెప్పను? పామర్రులో ఆగింది. ఉయ్యూరులో ఆగింది. ప్రతి వంతెన దగ్గరా ఎద్దుబండి అడ్డం. డ్రైవరు దిగి తీరిగ్గా సోడా తాగుతుంటే, వాడి చేతిలోంచి సీసా లాక్కుని నెత్తిన కొడదామన్నంత కోపం వచ్చింది. పక్కనున్నావిడ "ఎవరికమ్మా బాగోలేదు, అంత ఏడుస్తున్నావు?" అని అడిగేదాకా ఏడుస్తున్నానని నాకు తెలియదు. మేమూ క్రైస్తవులమేగానీ మరో సంఘంవాళ్ళం. మా ఇంట్లో మేరీమాతకి దండాలు పెట్టరు. ఆ బస్సులో మాత్రం పెట్టాను. తల్లీ, ఆ మామ్మ ఈ ఒక్కసారికి ఉత్తరం నీ దగ్గర వదలకుండా చూడు అని. ట్రంకు కాల్ కలిసి ఉంటుందేమో అని ఒకసారి, కలిసి ఉండదు అని పదిసార్లు అనుకున్నాను. కలవలేదని తర్వాత తెలిసింది.

బెజవాడలో దిగి రిక్షా ఎక్కి పెద్దాసుపత్రికి పోయేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. అంటురోగాల వార్డు వెనకవైపు విడిగా ఉంది. అటు నడుస్తుండగానే పెద్దావిడ గొంతు వినిపించింది. ఏడుపు కాదు, పోట్లాట. బతికుందన్నమాట పిల్ల. నా ప్రాణం సగం లేచొచ్చింది.

కొండ ఎక్కి దిగి, చీటీల వరస దాటి వాళ్ళు వార్డు చేరి ఎంతోసేపు కాలేదట. లోపల ఒక కుర్ర డాక్టరు చేతిలో సూదితో నిలబడి ఉన్నాడు. మంచం మీద పిల్ల తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి ఊపిరి లాగుతోంది. పెద్దావిడ మంచానికి అడ్డంగా కూర్చుని పిల్ల చెయ్యి తన కొంగులో చుట్టేసుకుంది.

"ఇది మందు కాదమ్మా, చర్మం కింద చుక్క పరీక్ష. అందరికీ చేస్తాం" అంటున్నాడాయన. "ఇంకో గంట ఆలస్యమైతే పిల్ల దక్కదు. చెయ్యి వదులు."

"గుచ్చితే చచ్చిపోతుందయ్యా! అప్పుడు కాలికి గుచ్చితేనే నాడి పోయిందంట. కాయితంలో ఉంది, చూడు!"

"మూడుసార్లు చూశాను. ఇందులో అలాంటిదేం లేదు. ఆ రోజు నువ్వు చూశావా?"

"నేను చూళ్ళేదు. మా నర్సమ్మ చదివితే విన్నా. ఆ పిల్ల అంతా రాసింది. నీకు తెలుగు చదవటం రాకపోతే వచ్చినోణ్ణి పిలువు!"

ఆయన ముఖం ఎర్రబడింది. పాపం, ఆయన తప్పేం ఉంది? చీటీ చేతిలో ఉంది, అచ్చతెలుగులో, గుండ్రటి అక్షరాల్లో. చదువుకున్న నర్సు రాసింది. చదువురాని ముసలావిడ మాట ఒకవైపు, నా కాయితం ఒకవైపు. నా కాయితం ఆవిణ్ణి అబద్ధాలకోరుని చేసి నిలబెట్టింది. నేను గడప దగ్గరే ఆగిపోయాను.

ఆవిడ నన్ను చూసింది. ముఖం వెలిగిపోయింది. "అదిగో, వచ్చింది! చెప్పమ్మా ఈయనకి. రాశావు కదా?"

నర్సులు, పక్క మంచాల తల్లులు, అందరూ నావైపు తిరిగారు. ఆ క్షణంలో రాశాను అనే మాట మళ్ళీ నాలిక చివరిదాకా వచ్చింది. దేవుడి తోడు, వచ్చింది. పిల్ల గొంతులోంచి కీచుమని చప్పుడు రాకపోతే అనేసి ఉండేదాన్నేమో.

"రాయలేదు మామ్మా. నేనే వదిలేశాను. డాక్టరుగారూ, ఆవిడ చెప్పేది నిజమండి. రెండేళ్ళ కింద గుర్రం సీరానికి పడిపోయింది. మా డాక్టరుగారే చూశారు. ఇదిగోనండి, ఆయన రాసింది."

కుర్ర డాక్టరు ఆ కాయితం చదివి సూది పళ్ళెంలో పెట్టేశాడు. పెద్ద డాక్టరుని పిలిపించారు. ఆయన ముందుగా, సీరం వికటిస్తే ఇచ్చే మందు ఇంకో సూదిలో ఎక్కించి పక్కన పెట్టుకున్నారు. పరీక్ష చుక్కని మామూలుకన్నా ఎన్నో రెట్లు పలచన చేయించారు. అంత పలచని చుక్కకే ముంజేతి మీద రూపాయి బిళ్ళంత దద్దు లేచింది. మామూలు చుక్క పడి ఉంటే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు.

సీరం ఇవ్వక తప్పదు, ఇస్తే ప్రమాదం. అందుకని అతి తక్కువతో మొదలుపెట్టి, పావుగంటకొకసారి కొంచెం కొంచెం పెంచుతూ పోయారు. నన్ను కూడా ఉండమన్నారు. నాడి పట్టుకుని కూర్చున్నాను. నాలుగో మోతాదుకి పెదవులు ఉబ్బాయి, మెడ మీద దద్దుర్లు పాకాయి. నా వేళ్ళ కింద నాడి సన్నబడి దారంలా అయింది. "పోతోందండీ" అని అరిచాను. నర్సు అలా అరవకూడదు. పక్కన పెట్టుకున్న మందు పొడిచారు. ఆపారు. ఎంతసేపు ఆగామో తెలియదు. నాడి మెల్లగా నా వేళ్ళని మళ్ళీ తట్టింది. ఇంకా తక్కువనుంచి మళ్ళీ మొదలుపెట్టారు. మొత్తం లోపలికి పోయేసరికి దీపాలు పెట్టే వేళయింది.

అంతసేపూ పెద్దావిడ గోడ పక్కన కూర్చునే ఉంది. జపమాల తిప్పుకుంటోంది. పిల్ల కాస్త తేరుకుని కళ్ళు తెరిచాక అప్పుడంది, నావైపు చూడకుండానే. "ఆ అబ్బాయిని చదువు రానోడన్నానమ్మా. పోయి తప్పైందని చెప్పాలి."

నన్ను తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. కొండమీద ఉత్తరం వదిలేశావా అని అడగబోయి నోరు మూసుకున్నాను. వదిలేసిందని తెలుస్తూనే ఉంది. అంతా ఉందని నేను చెబితేనే కదా వదిలింది.

మూడో రోజుకి గొంతులో పొర ఊడటం మొదలైంది. ఆపరేషను అవసరం పడలేదు. అయినా ఈ జబ్బులో గుండె ఎప్పుడు మొరాయిస్తుందో తెలియదని పిల్లని మూడు వారాలపైన మంచం మీదనుంచి లేవనివ్వలేదు. ఆ మూడు వారాలూ మా ఆసుపత్రి గేటు ముందు ఎవరు ఆగినా పని వదిలి తొంగి చూసేదాన్ని. ఫలానా పిల్ల పోయిందట అని చెప్పటానికే వచ్చారేమో అని. డాక్టరుగారు నా ఉద్యోగం తియ్యలేదు. చీటీల పని కూడా నా దగ్గరే ఉంచారు. నేను రాసిన ప్రతి చీటీని ఉత్తరం పక్కన పెట్టుకుని, వేలితో ఒక్కొక్క వరసా చూసుకుని అప్పుడు పంపేవారు. అది నాకు చాలినంత శిక్ష.

నెల దాటాక పెద్దావిడ మనవరాలిని నడిపించుకుంటూ వచ్చింది. పిల్ల చిక్కి సగమైందిగానీ, చేతిలో బిస్కెట్టు నములుతూ మా ఆయాని చూసి నవ్వింది. పెద్దాసుపత్రివాళ్ళు ఇంటికి పంపుతూ ఇంగ్లీషులో ఉత్తరం ఇచ్చారు. పెద్దావిడ దాన్ని నా ముందు పెట్టింది. నేను అలవాటు కొద్దీ మందుల చీటీ వెనక్కి తిప్పి కలం తీశాను.

"రాయమాకమ్మా" అంది. "చదువు. నేను వింటా."

చదివాను. ఏం జబ్బుతో చేరింది, ఏం చేశారు, ఇక ఏం జాగ్రత్త. గుర్రం సీరం ఈ పిల్లకి ఏ డాక్టరూ తెలియక పొడవకూడదన్న వాక్యం దగ్గర ఆపి, మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. ప్రతి వాక్యం తర్వాత పెదవులు కదిపి తనలో తాను అనుకుంది. అయిపోయాక "ఇంకేమన్నా ఉందా?" అని అడిగింది. లేదు మామ్మా, ఇంతే, అన్నాను. సంతకం పెట్టిన చోటు కూడా వేలితో చూపించాను.

"మంచిది తల్లీ, చల్లగా ఉండు" అని నా గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళింది. కోపం లేదు, నాకు అర్థమైంది. తేలిగ్గా ఊపిరి పీల్చుకుని కిటికీలోంచి చూశాను. ఆవిడ రోడ్డు దాటి ఎదురుగా ఉన్న మందుల షాపు మెట్టెక్కింది. ఉత్తరం షాపాయన చేతికిచ్చి, బల్ల మీద మోచెయ్యి ఆనించి, అదంతా ఆయనచేత మళ్ళీ మొదటినుంచీ చదివించుకుంటోంది.